అసోసియేట్ కంపెనీ ఇచ్చే డివిడెండ్ కన్సాలిడేషన్‌లో ఎందుకు ఆదాయం కాదు?

ప్రశ్న: సీఏ ఇంటర్ పూర్తిచేసి ఆర్టికల్‌షిప్ చేస్తున్నాను. మా క్లయింటుకు మరో కంపెనీలో 25 శాతం వాటా ఉంది. కన్సాలిడేషన్‌లో, అంటే గ్రూప్ మొత్తానికి కలిపి తయారుచేసే లెక్కల్లో, ఆ కంపెనీ లాభంలో వాటాను ఆదాయంగా రాస్తున్నప్పుడు, చేతికొచ్చిన డివిడెండును ఎందుకు ఆదాయంగా రాయకూడదు? గ్రూప్ ఆడిట్ వైపు వెళ్లాలనుకుంటున్న నేను ఇందులో ఏం పట్టు సాధించాలి?

జవాబు: భారతీయ అకౌంటింగ్ ప్రమాణం ఇండ్ ఏఎస్ 28 ప్రకారం ఓటింగ్ హక్కుల్లో 20 శాతం లేదా అంతకు మించి ఉంటే, కాదని స్పష్టంగా చూపగలిగితే తప్ప, ఆ కంపెనీ నిర్ణయాలపై మీ క్లయింటుకు గణనీయమైన ప్రభావం ఉన్నట్టే భావిస్తారు. అలాంటి కంపెనీనే అసోసియేట్ అంటారు. అది లాభం గడించిన సంవత్సరంలోనే అందులో మన వాటాను ఆదాయంగా గుర్తిస్తాం. ఉమ్మడి గాదెలోకి పంట చేరిననాడే మన భాగం లెక్కలోకి వచ్చింది కాబట్టి, ఆ తరువాత అందులోంచి రెండు బస్తాలు ఇంటికి తెచ్చుకుంటే అది కొత్త పంట కాదు. డివిడెండ్ కూడా అంతే. అది పెట్టుబడి విలువలో కొంత భాగం నగదుగా మారడమే.

ఒక ఉదాహరణను చివరిదాకా చేసి చూద్దాం. 2024 ఏప్రిల్ 1న మీ క్లయింటు రూ.50 లక్షలు పెట్టి 25 శాతం వాటా కొన్నదనుకోండి. ఆనాటికి ఆ కంపెనీ నికర ఆస్తుల సరసమైన విలువ రూ.160 లక్షలైతే మన వాటా రూ.40 లక్షలు అవుతుంది. మిగిలిన రూ.10 లక్షలు గుడ్‌విల్. దాన్ని విడిగా చూపకుండా పెట్టుబడి విలువలోనే ఉంచుతారు. 2024-25లో ఆ కంపెనీ పన్ను పోను రూ.24 లక్షల లాభం గడించి, అదే ఏడాది రూ.8 లక్షల మధ్యంతర డివిడెండ్ పంచింది. లాభంలో మన వాటా రూ.6 లక్షలు, డివిడెండులో రూ.2 లక్షలు. కాబట్టి 2025 మార్చి 31న కన్సాలిడేటెడ్ బ్యాలెన్స్ షీటులో పెట్టుబడి 50కి 6 కలిపి 2 తీసేయగా రూ.54 లక్షలుగా నిలుస్తుంది.

చిక్కు ఎక్కడ వస్తుందంటే, క్లయింటు సొంత పుస్తకాల్లో పెట్టుబడిని సాధారణంగా కొన్న ధరకే ఉంచి, డివిడెండును ఇతర ఆదాయంలో వేస్తారు. సొంత ఆర్థిక నివేదికల వరకు అది సరైన పద్ధతే. కన్సాలిడేషన్ మాత్రం ఆ పుస్తకాల నుంచే మొదలవుతుంది కనుక అక్కడ రెండు సర్దుబాట్లు చేయాలి. మొదటిది, పెట్టుబడిని రూ.6 లక్షలకు డెబిట్ చేసి అసోసియేట్ లాభంలో వాటాను క్రెడిట్ చేయడం. రెండవది, డివిడెండ్ ఆదాయాన్ని రూ.2 లక్షలకు డెబిట్ చేసి పెట్టుబడిని క్రెడిట్ చేయడం. జూనియర్లు ఎక్కువగా మరిచిపోయేది ఈ రెండవదే. అది లేకపోతే ఈ వాటా మీద వచ్చిన లాభం రూ.8 లక్షలుగా, పెట్టుబడి రూ.56 లక్షలుగా కనిపిస్తాయి, ట్రయల్ బ్యాలెన్స్ మాత్రం చక్కగా సరిపోతుంది.

అందుకే ట్రయల్ బ్యాలెన్సును నమ్ముకోకుండా వేరే దారిలో సరిచూడాలి. అసోసియేట్ నికర ఆస్తులు ఆ ఏడాది 24 నుంచి 8 పోగా రూ.16 లక్షలు పెరిగాయి. అందులో 25 శాతం రూ.4 లక్షలు. పెట్టుబడి కూడా సరిగ్గా అంతే పెరిగి ఉండాలి. అలా లేకపోతే డివిడెండ్ రెండుసార్లు లెక్కకు వచ్చిందేమో మొదట చూడండి. కొన్ననాడు యంత్రాల సరసమైన విలువ పుస్తక విలువ కన్నా ఎక్కువగా ఉన్నా తేడా వస్తుంది, ఎందుకంటే ఆ అదనపు తరుగుదలలో మన వాటాను లాభంలోంచి తగ్గించాలి.

మరో చిన్న విషయం. బ్యాంకు స్టేట్‌మెంటులో మీకు రూ.1.80 లక్షలే కనిపించవచ్చు, 10 శాతం టీడీఎస్ మినహాయించుకొని పంపుతారు కనుక. పెట్టుబడిలోంచి తగ్గించాల్సింది మాత్రం పూర్తి రూ.2 లక్షలు, ఆ రూ.20 వేలు రావలసిన పన్ను కింద ఉంటాయి. అలాగే 2024-25 లాభాల మీద తుది డివిడెండును 2025 సెప్టెంబరు సర్వసభ్య సమావేశంలో ప్రకటిస్తే, అది 2025-26 పెట్టుబడిని తగ్గిస్తుందే తప్ప అంతకు ముందరి ఏడాదిని కాదు.

ఇక మీ ఉద్యోగ ప్రయత్నం సంగతి. నిర్వచనాలు వల్లించడం కన్నా, మీ క్లయింటు ఫైలులోనే ఈ పెట్టుబడి ప్రారంభ నిల్వ నుంచి ముగింపు నిల్వ దాకా ఒక పట్టిక తయారుచేసి సీనియరుకు చూపించండి. క్లయింటుకు అనుబంధ సంస్థ ఒక్కటి కూడా లేకపోయినా, అసోసియేట్ ఉన్నందుకే కంపెనీల చట్టం 129(3) సెక్షన్ కింద సాధారణంగా కన్సాలిడేటెడ్ నివేదికలు తయారుచేయాల్సి వస్తుందన్న సంగతిని ఆ ఫైలులో నమోదు చేశారో లేదో చూడండి. గ్రూప్ ఆడిట్ ఇంటర్వ్యూలో ఇదే ఉదాహరణ ఇచ్చి, నగదు ప్రవాహ నివేదికలో ఎలా చూపుతారని అడిగితే, పరోక్ష పద్ధతిలో రూ.6 లక్షలు నగదు కాని ఆదాయంగా లాభంలోంచి తీసేసి, వచ్చిన డివిడెండును పెట్టుబడి కార్యకలాపాల కింద చూపుతామని, తడుముకోకుండా కారణంతో సహా చెప్పగలగాలి.