చార్టు మొత్తం చదివేస్తున్నా, తలనొప్పి ఎందుకు?

"వయసు 22. దూరంగా ఉన్నవన్నీ స్పష్టంగా కనిపిస్తాయి. అయినా గంట చదివితే నుదురు నొప్పి, కళ్లు లాగేస్తాయి."

ఇది దీర్ఘదృష్టి, అంటే ప్లస్ పవర్ కావచ్చు. ఈ వయసులో కంటి లెన్స్ మెత్తగా ఉంటుంది. లోపలి కండరం బిగుసుకుని, లెన్స్‌ను ఉబ్బనిచ్చి లోపాన్ని కప్పేస్తుంది. +2 ఉందనుకోండి, దూరం చూడటానికే 2 డయాప్టర్ల శ్రమ. 40 సెంటీమీటర్ల దగ్గర పుస్తకం పెడితే మరో 2.5. మామూలు కంటికి ఆ 2.5 చాలు, మీ కన్ను గంటల తరబడి 4.5 మోస్తుంది.

నన్నూ చార్టు చదివించి పవర్ లేదని పంపేశారు. చుక్కలు వేసి, కండరం సడలాక చూస్తేనే +1.75 బయటపడింది. ఆ పరీక్ష చేయమని అడగండి. ఆ రోజు బండి మాత్రం నడపొద్దు, కొన్ని గంటలు మసకే. కొత్త అద్దాలతో మొదట్లో దూరం కాస్త మసకబారినా కంగారు వద్దు, కండరం ఇంకా పట్టు వదల్లేదన్నమాట.