ఉద్యోగం పోయాక పొదుపు నిజంగా ఎన్ని నెలలు వస్తుంది?

ప్రశ్న: సార్, మూడు వారాల క్రితం ఉన్నట్టుండి నా ఉద్యోగం పోయింది. ఇంట్లో నలుగురం, నా జీతమే ఆధారం. అబ్బాయి డిగ్రీ రెండో ఏడాది. పొదుపు ఐదు నెలల ఖర్చులకు సరిపోతుందనుకుంటున్నాను. కారు లోన్ బాకీ ఆ పొదుపులో సగం దాకా ఉంటుంది. నెలనెలా వాయిదా టెన్షన్ లేకుండా అది ఒకేసారి కట్టేయమంటారా? ఖర్చు తగ్గించడం ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: పొదుపులోంచి తీసి కారు లోన్ కట్టేయకండి. కట్టిన డబ్బు మళ్ళీ మీ చేతికి రాదు, జీతం లేని మనిషికి కొత్త లోన్ పుట్టడం కష్టం. ఎందుకో లెక్కతో చూపిస్తాను.

ముందుగా గత మూడు నెలల బ్యాంక్ స్టేట్‌మెంట్, కార్డు స్టేట్‌మెంట్ ప్రింట్ తీసి, పెన్సిల్ పట్టుకుని ఇంట్లో అందరూ కూర్చోండి. ఆపలేని ఖర్చుకు టిక్, తగ్గించగలిగిన దానికి సున్నా, ఆపేయగలిగిన దానికి అడ్డగీత. ఆటో డెబిట్‌లో వాటంతట అవే కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్లు ఎక్కువగా ఇక్కడే బయటపడతాయి. వాటిని ఆ రోజే రద్దు చేయండి. అబ్బాయిని కూడా కూర్చోబెట్టండి. పిల్లలకు తెలియకూడదని దాచే ఇళ్ళలో, దాచడం కోసమే పాత ఖర్చులు కొనసాగుతుంటాయి.

ఇప్పుడు లెక్క. మీ నెల ఖర్చు 100 అనుకుందాం, అప్పుడు పొదుపు 500. ఆ 100లో అద్దె 25, సరుకులు 20, కారు వాయిదా 12, ఫీజు 10, కార్డు బాకీ 8, కరెంటు, ఫోన్, నెట్ కలిపి 6, పెట్రోల్ 5, ఇన్సూరెన్స్ 4, మిగతావన్నీ 10 అనుకుందాం. అయిదు వందలను వందతో భాగిస్తే ఐదు నెలలు. మీరు చేసిన లెక్క ఇదే, కానీ ఇందులో ఒక లోపం ఉంది. ఫీజు నెలకు పది చొప్పున రాదు, ఆరు నెలలకోసారి 60 ఒకేసారి వస్తుంది. ఇన్సూరెన్స్ కూడా ఏడాదికోసారి 48. ఈ రెండూ రాబోయే మూడు నాలుగు నెలల్లోనే పడితే, ఐదో నెల మధ్యలోనే డబ్బు అయిపోతుంది.

అందుకే ఒకేసారి వచ్చే ఖర్చులను మొదటి రోజే పక్కకు తీయండి. ఫీజుకు 60, ఇన్సూరెన్స్‌కు 48. కార్డు బాకీ మొత్తం 40 అనుకుంటే అదీ ఇప్పుడే తీర్చేయండి. లోన్ కట్టొద్దని, కార్డు కట్టమంటున్నానేమిటని అనిపించవచ్చు. బాకీని నెల వాయిదాతో భాగించి చూడండి. కార్డుకు 40ని 8తో భాగిస్తే ఐదు నెలలు. అంటే ఎలాగూ ఈ గడువులోనే పోయే డబ్బు, ముందే కడితే వడ్డీ మిగులుతుంది. కారు బాకీ 240 అనుకుంటే, దాన్ని 12తో భాగిస్తే 20 నెలలు. ఇరవై నెలల భారాన్ని ఐదు నెలల పొదుపు మీద ఇప్పుడే వేయడం ప్రమాదం.

ఇక మీ చేతిలో మిగిలేది 352. మిగతా నెలసరి ఖర్చు 78. నాలుగున్నర నెలలు. ఇదీ మీ అసలు గడువు. కంపెనీ నుంచి రావాల్సిన సెటిల్‌మెంట్ డబ్బు అకౌంట్లో పడేదాకా ఈ లెక్కలో కలపొద్దు.

ఇప్పుడు కోత. సరుకులు 16కి, బిల్లులు 5కి, పెట్రోల్ 3కి, మిగతావి 5కి దించితే నెలకు 66 అవుతుంది. ఇంట్లో అందరూ ఇంత సర్దుకున్నా ఐదు నెలల పైన కొద్ది రోజులే. చాలామంది ఇక్కడే నీరుగారిపోతారు. చిన్న ఖర్చులు ఆపడం అవసరమే, కానీ గడువును పెంచేవి పెద్ద పద్దులే. మీకు ఆ పద్దు కారు. దాన్ని అమ్మితే 270 వస్తుందనుకుందాం. బ్యాంకును ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ అడగండి, బాకీతో పాటు చార్జీలు ఎంతో అందులో ఉంటుంది. అన్నీ కలిపి 240 అయితే, కారు డబ్బుతోనే లోన్ తీరి 30 చేతిలో ఉంటుంది. పెట్రోల్ డబ్బు బస్సుకు పోయినా, నెల ఖర్చు 54కి దిగుతుంది. 382ని 54తో భాగిస్తే ఏడు నెలలు. అమ్మకం ధర బాకీకన్నా తక్కువైతే మాత్రం అమ్మే ముందు తేడా ఎంతో చూసుకోండి.

కారు అమ్మడం కుదరకపోతే, వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్ళి పరిస్థితి చెప్పి గడువు అడగండి. తప్పిన తర్వాత వెళ్తే పెనాల్టీ, క్రెడిట్ స్కోర్ దెబ్బ రెండూ పడతాయి. గడువు ఇచ్చినా వడ్డీ సాధారణంగా ఆగదు కాబట్టి, చివరికి ఎంత అదనంగా కట్టాలో రాతపూర్వకంగా తీసుకోండి. చిన్న ఇంటికి మారాలన్న ఆలోచనకూ ఇదే లెక్క: మారడానికయ్యే ఖర్చును నెలకు మిగిలే అద్దెతో భాగించండి. ఆరు నెలలు దాటితే మీ పరిస్థితిలో అది పొదుపు కాదు.

కోయకూడనివి రెండున్నాయి. ఒకటి హెల్త్ ఇన్సూరెన్స్. కంపెనీ ఇచ్చిన పాలసీ చాలాచోట్ల ఉద్యోగం పోయిన రోజుతోనే ఆగిపోతుంది. మీది ఏ తేదీ వరకు ఉందో ఈ వారంలోనే హెచ్‌ఆర్‌ను అడగండి. సొంత పాలసీ లేకపోతే దాని ప్రీమియం కూడా పక్కన పెట్టే డబ్బులో కలపాలి, అప్పుడు గడువు ఆ మేరకు తగ్గుతుంది. ఆ తగ్గుదలకు నేను ఒప్పుకుంటాను, ఒక్క ఆపరేషన్ మీ 382ను మింగేయగలదు. రెండోది ఫోన్, నెట్, ఇంటర్వ్యూ ప్రయాణాలు. ఉద్యోగం వచ్చేది వాటి ద్వారానే.

డబ్బు ఎక్కడ ఉంచుతారన్నది కూడా చూసుకోండి. పొదుపును వేరే అకౌంట్‌లో పెట్టి, ఆ కార్డు ఇంట్లో ఉంచండి. ఒకటో తారీఖున నెల ఖర్చు మాత్రమే వాడుక అకౌంట్‌కు జీతంలా పంపుకోండి. నెల మధ్యలో రెండోసారి తీయాల్సి వచ్చినా, సరుకులకు క్రెడిట్ కార్డు గీకినా, లెక్క తప్పిందని అర్థం. ఆ రాత్రే మళ్ళీ స్టేట్‌మెంట్ ముందు కూర్చోండి.

ఖర్చు తగ్గాక చిన్న సంపాదనకు కూడా బలం వస్తుంది. మీరో, ఇంట్లో ఇంకొకరో ట్యూషన్లు, పార్ట్‌టైమ్ పనితో నెలకు 12 తేగలిగితే, పొదుపులోంచి తీసేది 42 మాత్రమే. 382ని 42తో భాగిస్తే తొమ్మిది నెలలు. కానీ ఇప్పటి ఫీజు మూడో నెలలో పడితే, తొమ్మిదో నెలలో మళ్ళీ ఫీజు వస్తుంది కాబట్టి ఎనిమిది నెలలు అనుకోండి. అబ్బాయి చదువు మానేస్తానంటే ఒప్పుకోకండి. బదులుగా అతని చేతనే కాలేజీకి ఉత్తరం రాయించండి, ఫీజు వాయిదాల్లో కట్టే వీలు, ఆదాయం తగ్గిన కుటుంబాలకు స్కాలర్‌షిప్ ఉన్నాయేమో అడగమనండి. ఫీజు గడువుకు నెల ముందే అడగాలి.

చివరగా, పొదుపు మూడు నెలలకు పడిపోయే తేదీ ఎప్పుడో లెక్కగట్టి క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఆ రోజు నుంచి పాత జీతం, పాత హోదా కోసం చూడకుండా, నెల ఖర్చుకు సరిపడా ఇచ్చే ఏ ఉద్యోగానికైనా అప్లై చేయండి. ఇంటర్వ్యూల నుంచి మొదటి జీతం వరకు రెండు నెలలు ఇట్టే గడిచిపోతాయి, అందుకే మూడు నెలలు ఉండగానే మొదలుపెట్టమంటున్నాను. అప్పుడు మీ రెజ్యూమె ఎలా మార్చాలో చూద్దాం, పాత కాపీ ఒకటి పంపండి.