మెసేజ్‌లో ఒక్క తేదీ మాత్రమే వస్తే దాన్ని ఎలా తీసుకోవాలి?

కొత్తగా విదేశానికి వచ్చి ఉద్యోగంలో చేరినవాళ్లు తరచూ అడిగే సందేహం ఇది. మేనేజర్ దగ్గర్నుంచో, ఇంటి ఓనర్ దగ్గర్నుంచో ఒక మెసేజ్ వస్తుంది. అందులో "5/6" అనో "3:30" అనో తప్ప ఇంకేమీ ఉండదు. ఆ రోజుకి పని అయిపోవాలని చెబుతున్నారా, ఆ టైమ్‌కి రమ్మంటున్నారా, ఊరికే తెలియజేస్తున్నారా అని టెన్షన్ మొదలవుతుంది.

ఉత్త తేదీ తనంతట తాను ఏమీ అడగదు. అడిగేది ఏమైనా ఉంటే అది అంతకుముందు నడిచిన మాటల్లోనే ఉంటుంది. కాబట్టి ముందు పైకి జరిపి, మీరు చివరగా రాసిందేమిటో చూడండి. "తనిఖీకి ఎప్పుడు వస్తున్నారు?" అని మీరే అడిగి ఉంటే వచ్చింది జవాబు. అందినట్టు ఒక మాట రాస్తే చాలు. "మీకు ఏ రోజు కుదురుతుంది?" అని అడిగి ఉంటే అది ప్రతిపాదన, మీరు సరేనన్నాకే ఖాయమవుతుంది. తేదీ పక్కన ప్రశ్నార్థకం ఉంటే మీ జవాబు కోసం చూస్తున్నారనే అర్థం. క్యాలెండర్ ఆహ్వానం సంగతి వేరు. వస్తారో రారో చెప్పమని అందులోనే బటన్లు ఉంటాయి, వాటిని నొక్కకుండా వదిలేయకండి.

చిక్కంతా ఒకే మెయిల్‌లో రెండు ప్రశ్నలు వేసినప్పుడు వస్తుంది. ఉదాహరణకి, 2026 ఏప్రిల్ చివర్లో మీరు మేనేజర్‌కి ఇలా రాశారనుకుందాం: "రిపోర్ట్ ఎప్పటికి కావాలి? దాని గురించి మాట్లాడటానికి మీకు ఎప్పుడు వీలవుతుంది?" ఆయన ఫోన్ నుంచి "5/6" అని పంపి ఊరుకున్నారు. ఇక్కడ తెలియనివి రెండు. ఆ తేదీ రిపోర్ట్‌కా, మీటింగ్‌కా? అది మే 6వ తేదీయా, జూన్ 5వ తేదీయా? అమెరికాలో నెల ముందు రాస్తారు, బ్రిటన్‌లోనూ ఆస్ట్రేలియాలోనూ మనలాగే రోజు ముందు రాస్తారు. మీరున్న దేశం అలవాటు తెలిసినా పూర్తి భరోసా లేదు, ఎందుకంటే రాసినవాళ్లు ఇంకో దేశం నుంచి వచ్చి ఉండొచ్చు. "5/13" అయితే పేచీ లేదు, పదమూడో నెల ఉండదు కాబట్టి. రెండు అంకెలూ పన్నెండు లోపు ఉండి, వేరువేరుగా ఉన్నప్పుడే ఈ గందరగోళం.

ఈ పరిస్థితిలో కొందరు మే 6 అనుకుని రాత్రింబగళ్లు కూర్చుని పని ముగించేస్తారు. కొందరు "ఆయన ఏమీ చేయమనలేదు కదా" అని వదిలేస్తారు. రెండూ వద్దు. "మీరన్నది అర్థం కాలేదు" అని రాయడం కూడా అంతగా ఉపయోగపడదు, అవతలివాళ్లు మళ్లీ మొదట్నుంచి చెప్పాల్సి వస్తుంది. మీకు ఎలా అర్థమైందో రాసి, తప్పయితే సరిదిద్దమనండి: "థాంక్స్. రిపోర్ట్ జూన్ 5 శుక్రవారానికి కావాలని అనుకుంటున్నాను. ఒకవేళ మే 6 బుధవారం అని మీ ఉద్దేశమైతే చెప్పండి. మీటింగ్‌కి ఏ రోజు వీలవుతుంది?" ఆయన ఒక్క మాటలో జవాబివ్వగలరు. నెల పేరు అక్షరాల్లో రాయండి, వారం పేరు తప్పకుండా చేర్చండి. తేదీ పొరపాటుగా పడితే వారం పేరుతో పొసగదు, అప్పుడు ఎవరో ఒకరు పట్టుకుంటారు.

టైమ్ విషయంలోనూ ఇదే పద్ధతి, కాకపోతే ఎక్కడి టైమ్ అన్నది కూడా చేర్చాలి. ఇండియాలో గడియారం ఏడాదంతా మారదు, అమెరికాలో చాలాచోట్ల మార్చిలో గంట ముందుకీ నవంబర్‌లో గంట వెనక్కీ జరుగుతుంది. న్యూయార్క్‌కీ మనకీ తేడా వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. అందుకే ఇండియా టీమ్ నుంచి "8:30" అని వస్తే, ఉదయమో రాత్రో, ఎవరి టైమో రాసి నిర్ధారించుకోండి.

అంతకుముందు ఏ సంభాషణా లేకుండా తేదీ వస్తే, దాన్ని బట్టి సెలవు పెట్టడం, టికెట్ మార్చుకోవడం లాంటివి చేయకండి. పొరపాటున మీకు వచ్చి ఉండొచ్చు, తర్వాతి మెసేజ్ ఇంకా టైప్ చేస్తూ ఉండొచ్చు. కాసేపు ఆగి, ఇంకేమీ రాకపోతే "ఇది దేని గురించి?" అని మర్యాదగా అడగండి. జవాబు రాలేదు, ఆ తేదీ చూస్తే రేపే అనుకోండి, అప్పుడు మెసేజ్‌లతో కాలయాపన వద్దు, ఫోన్ చేసేయండి.