ఫొటో తీసిన బిల్లుల నుంచి రేటు వారీ లెక్క

ప్రశ్న: బేగంబజారులో మా బాబాయికి సబ్బులు, షాంపూల దుకాణం ఉంది. అమ్మకాల బిల్లులన్నీ ఫొటోలు తీసి వాట్సాప్‌లో పంపారు. 2025 జులై-సెప్టెంబరు జీఎస్టీ రిటర్ను కోసం వీటిని రేటు వారీగా ఎలా కలపాలి?

జవాబు: హైదరాబాదులో చిన్న దుకాణాల లెక్కలు చూసే పనిలో ఉన్నాను కనుక, ఇలాంటి ఫొటోల కట్టలు తరచుగా నా దగ్గరకు వస్తుంటాయి. బిల్లుకు ఒక వరుస చొప్పున కాకుండా, బిల్లులో ఉన్న ఒక్కో రేటుకు ఒక్కో వరుస చొప్పున ఎక్సెల్‌లో ఎక్కించండి. బిల్లు నంబరు, తేదీ, కొన్నవారి జీఎస్టీ నంబరు, రేటు, పన్నుకు ముందు విలువ, సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ అనే గడులు చాలు.

ఉదాహరణకు ఒకే బిల్లులో 18 శాతం సరుకు రూ.2,000, 5 శాతం సరుకు రూ.1,200 ఉన్నాయనుకుందాం. మొదటి వరుసలో సీజీఎస్టీ 180, ఎస్జీఎస్టీ 180, రెండో వరుసలో 30, 30 వస్తాయి; అన్నీ కలిపితే బిల్లు మొత్తం రూ.3,620 కావాలి. మసకగా ఉన్న ఫొటోలో 1,200ను 1,700గా చదివితే సీజీఎస్టీ 42.50 రావాలి, కానీ బిల్లు మీద 30 మాత్రమే కనిపిస్తుంది కనుక తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది. పైసల సవరణను మాత్రం ఏ రేటులోనూ కలపకండి.

మీరు అడిగిన త్రైమాసికంలో అసలు చిక్కు వేరే ఉంది. సెప్టెంబరు 22 నుంచి స్నానపు సబ్బు బిళ్లలు, షాంపూ, టూత్‌పేస్టు వంటివి 18 నుంచి 5 శాతానికి తగ్గాయి. అందువల్ల సరుకు పేరు చూసి రేటు వేస్తే లెక్క తప్పుతుంది. బిల్లు మీద ఉన్న రేటునే ఎక్కించి, తరువాత తేదీతో సరిచూడాలి. సెప్టెంబరు 25 నాటి బిల్లులో స్నానపు సబ్బు బిళ్లకు 18 శాతం కనిపిస్తే దాన్ని మీరే 5గా మార్చేయకండి. పన్ను పేరుతో కొన్నవారి దగ్గర వసూలు చేసినది ప్రభుత్వానికి కట్టవలసిందే కనుక, నిజంగా ఎంత తీసుకున్నారో ముందుగా మీ బాబాయి గారిని అడగండి.

జీఎస్టీ నంబరు ఉన్నవారి బిల్లులు అమ్మకాల రిటర్ను అయిన జీఎస్టీఆర్-1లో ఒక్కొక్కటిగా వెళ్తాయి, వాటిలో త్రైమాసికం మధ్యలోనే బిల్లులు పంపే ఐఎఫ్ఎఫ్ సౌకర్యం ద్వారా జులై, ఆగస్టులకు ముందే పంపినవి ఉంటే మళ్లీ చేర్చకూడదు. నంబరు లేని స్థానిక కొనుగోలుదారుల అమ్మకాలు మాత్రం 7వ పట్టికలో రేటు వారీ మొత్తాలుగా వెళ్తాయి. మూడో గడిలో జీఎస్టీ నంబరు లేని చోట B2C అని రాసుకుంటే, 18 శాతం మొత్తం ఇలా వస్తుంది:

```
=SUMIFS(E:E,D:D,18,C:C,"B2C")
```

కూడే ముందు వరుసలను బిల్లు నంబరు ప్రకారం అమర్చి చూడండి. 412 తరువాత 414 ఉంటే 413 ఫొటో రాలేదా, ఆ బిల్లు రద్దయిందా అని అడిగి తెలుసుకోవాలి. రద్దయిన బిల్లుల సంఖ్యను 13వ పట్టికలో విడిగా చూపాలి. ఒకే బిల్లును రెండుసార్లు ఫొటో తీసి పంపి ఉంటే అది కూడా ఈ దశలోనే కనబడుతుంది.