మాది అనంతపురం. ఒకమ్మాయిని మొదటిసారి సినిమాకు పిలవాలనుకుంటున్నా, ఆమెకు ఎలాంటివి నచ్చుతాయో తెలీదు. ఏ సినిమాకు వెళ్తే బాగుంటుంది?

ఆ అమ్మాయి వైపు నుంచి చెప్తా. మాదీ అనంతపురమే.

ముందు, "మీకు ఎలాంటి సినిమాలు ఇష్టం?" అని మాత్రం అడగొద్దు. "అన్నీ చూస్తానండీ" అంటుంది. కొత్త మనిషికి మేమందరం చెప్పే జవాబు అదే. మా ఆయన (అప్పటికింకా ఎవరో ఒకాయన) ఫోన్ చేసి అడిగింది వేరే. "సగంలో లేచొచ్చేసిన సినిమా ఏదైనా ఉందా?" అన్నాడు. అంతే, నేను ఆపలేదు. హీరో ఆ పిల్ల వెంటపడి బస్సులో, కాలేజీలో సతాయిస్తుంటే హాలంతా నవ్వడం, నేనూ మా చెల్లెలూ ఇంటర్వెల్‌కే బయటికి రావడం, అన్నీ చెప్పేశా. వేటకొడవళ్ళ సినిమాలంటే తలనొప్పని కూడా చెప్పినట్టున్నా. నచ్చినవి చెప్పడానికి మొహమాటపడే మనిషి కూడా నచ్చనివి చెప్పడానికి మొహమాటపడదు. మీరూ ఇదే అడగండి.

తర్వాత ఆయన రెండు సినిమాలు పంపి, ఏదో ఒకటి మీరే చెప్పండన్నాడు. ఒకటి పెద్ద హీరోది, మొన్ననే రిలీజైంది. ఇంకోటి పేరున్న మొహం ఒక్కటీ లేని చిన్న సినిమా, నవ్విస్తూనే ఒక హత్య గుట్టు విప్పేది. నేను చిన్నదే అన్నా. మంగళవారం మ్యాట్నీ, హాలు ముప్పావు ఖాళీ. సీట్లు మధ్య వరసల్లో, నడిచే దారి పక్కన తీశాడు. వెనక కార్నర్ సీట్లు తీసుంటే గేటు దగ్గరే ఆటో ఎక్కేసేదాన్ని, అది వేరే సంగతి.

అసలు పని జరిగింది ఇంటర్వెల్‌లో. మొదటి సగం, చంపిందెవరో తేలకుండా ఆగింది. క్యాంటీన్ ముందు నిలబడి ఆయన "మామే చేసుంటాడు" అంటాడు, నేను వాచ్‌మన్ అంటా. "మామ ఆ రోజు ఊళ్ళో లేడని చూపించారు కదప్పా" అని నేను గట్టిగానే వాదించా. ఆ "అప్పా" నోటిదాకా వచ్చాక ఇంక "అండీ"లు ఎక్కడుంటాయి! వాచ్‌మనే అని చివర్లో తేలింది. ఆయన ఇప్పటికీ ఒప్పుకోడు, దర్శకుడు మోసం చేశాడంటాడు.

అందుకే నా మాట: ప్రేమకథ వద్దు. వాటిలో ఇంటర్వెల్‌కు సరిగ్గా విడిపోతారు. లైట్లు వేశాక ఆ ఏడుపు గురించి కొత్త మనిషితో ఏం మాట్లాడతారు? ఇద్దరూ ఫోన్లు చూసుకోవాల్సిందే. తేలని ప్రశ్న దగ్గర ఆగే సినిమా అయితే మాటలు వాటంతటవే వస్తాయి. ఇంకొకటి, మీరు ఎక్కడ నవ్వుతున్నారో ఆమె తెరకన్నా ఎక్కువ గమనిస్తుంది. హీరో ఆడపిల్లను ఏడిపించే చోట మీరు పడీపడీ నవ్వితే ఇంక టికెట్ డబ్బులు వృథానే.

ఫ్యాక్షన్ సినిమా మాట ఎత్తితే నాకు ఒళ్ళు మండుతుంది. 1999లో సమరసింహారెడ్డి ఆడిన దగ్గర్నుంచి సీమంటే సుమోలు గాల్లో లేచే ఊరైపోయింది. ఉగ్గాని, బజ్జీ తిని ఆఫీసుకు పోయే మనిషిని ఒక్కణ్ణీ చూపించరు. ఇంతకీ, ఆమె వేరే జిల్లా పిల్ల అయితే అలాంటిది అస్సలు వద్దు, బయటికొచ్చాక మీ ఇంట్లో కూడా బాంబులుంటాయా అని అడుగుతుంది.

బుక్ చేసేముందు యాప్‌లో రెండు చూడండి. ఒకటి నిడివి. 2017 నాటి అర్జున్ రెడ్డిలా మూడు గంటలు దాటేదయితే, యాడ్లూ ఇంటర్వెలూ కలిపి మ్యాట్నీ వదిలేసరికి దీపాలు పెట్టే వేళవుతుంది, ఇంట్లోంచి ఆమెకు ఫోన్లు మొదలవుతాయి. రెండుంబావు గంటల్లోపుది చూసుకోండి. రెండోది సర్టిఫికెట్. ఇదివరకు యూఏ అని ఒకటే ఉండేది. 2024 చివర్నుంచి 7+, 13+, 16+ అని విడదీసి ఇస్తున్నారు. 16+ ఉంటే కొంచెం ఆలోచించండి.

పెద్ద హీరో సినిమాకు మొదటి రోజుల్లో పోతే ఈలల్లో, కాగితాల్లో డైలాగే వినపడదు. ఆమే "ఫస్ట్ డే పోదాం" అందనుకోండి, నోరు మూసుకుని పొండి, ఆమె అభిరుచి మీకు తెలిసిపోయినట్టే.

చిన్న సినిమా అయితే రెండో వారం చూద్దాంలే అనుకోవద్దు. మన ఊళ్ళో శుక్రవారం కొత్తవి దిగగానే దాన్ని ఎత్తేస్తారు, లేదా ఎవరూ పోలేని ఒక్క ఆటకు తోసేస్తారు. సోమవారం నుంచి గురువారం లోపు మ్యాట్నీ తీయండి. టికెట్లు మీరు తీస్తే పాప్‌కార్న్ ఆమెను కొననివ్వండి, ఈ మధ్య రెంటికీ ఖర్చు సమానంగానే వస్తోంది.