రెండు బొబ్బట్లు, ఒక వారం లెక్క

బుజ్జమ్మా,

మొన్న ఫోన్‌లో "పెద్దమ్మా, పెళ్లిలో రెండు బొబ్బట్లు తినేశాను, ఎలాగూ డైట్ పాడైంది కదా అని సాయంత్రం బిర్యానీ కూడా లాగించాను" అన్నావు. ఆదివారం పిజ్జా, ఐస్‌క్రీమ్ సంగతి నేను గుచ్చి అడిగితే గానీ బయటికి రాలేదు. సోమవారం నుంచి మళ్లీ గట్టిగా మొదలుపెడతానన్నావు. అలాంటి సోమవారాలు నేనూ చాలా చూశాను. నేను బరువు తగ్గాలనుకున్న రోజుల్లో నన్ను తిప్పలు పెట్టింది తిండి కాదు, "మునిగాక చలేమిటి" అనుకునే బుద్ధి.

అది నీ ఒక్కదానికే ఉన్న జబ్బు కాదులే. 1975లో హెర్మన్, మాక్ అనే ఇద్దరు పరిశోధకులు కొందరికి మిల్క్‌షేక్ ఇచ్చి, తర్వాత ఐస్‌క్రీమ్ ముందు కూర్చోబెట్టారు. మామూలుగా తినేవాళ్లు మిల్క్‌షేక్ తాగాక ఐస్‌క్రీమ్ తక్కువ తిన్నారు. ఎప్పుడూ నోరు కట్టుకుని ఉండేవాళ్లు మాత్రం, మిల్క్‌షేక్ తాగాకే ఎక్కువ తిన్నారు. గీత దాటామనిపించగానే వాళ్లకు ఇక గీతే లేకుండా పోయింది.

ఇప్పుడు నీ వారం లెక్క చూద్దాం. అంకెలన్నీ ఉజ్జాయింపే. నీ బరువు ఉన్నచోటే ఉండాలంటే రోజుకు దాదాపు 2,000 కేలరీలు కావాలి. తగ్గడానికి నువ్వు పెట్టుకున్నది 1,700. అంటే వారానికి 11,900. సోమవారం నుంచి శుక్రవారం దాకా పట్టుదలగా 1,500తో సరిపెట్టావు కాబట్టి 7,500 అయింది. శని, ఆదివారాలకు నీ చేతిలో ఇంకా 4,400 ఉన్నాయి. బొబ్బట్లతో కలిపి పెళ్లి భోజనం తిని, రాత్రికి మామూలుగా రెండు పుల్కాలతో ఆపేసి ఉంటే శనివారం మహా అయితే 2,100 అయ్యేది. ఆదివారం 1,700. అప్పుడు కూడా వారానికి 600 మిగిలేవి! నువ్వు ఏ తప్పూ చేయలేదు బుజ్జమ్మా, చేశానని అనుకున్నావు. ఆ తర్వాత తిన్నదాంతో ఆ రెండు రోజులూ కలిపి 6,400 దాకా వెళ్లాయి. మొత్తం 13,900. అంటే ఐదు రోజులు కడుపు మాడ్చుకున్నా, అసలు డైటే చేయనట్టు లెక్క తేలింది.

అందుకే రోజు లెక్క వదిలేసి వారం లెక్క పెట్టుకో. ఆదివారం మీ ఇంట్లో బిర్యానీ తప్పదని తెలుసు కదా, సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు 150 పక్కన పెట్టు. సాయంత్రం టీతో తినే నాలుగు బిస్కెట్లు మానేస్తే దాదాపు అంత అవుతుంది. ఐదు రోజులకు 750. ఆదివారం నీకు 2,450 ఉంటాయి. బిర్యానీ ప్లేటు, ఒక గులాబ్ జామూన్ దర్జాగా పడతాయి.

అలాగని రోజుకు 400, 500 మిగల్చకు. నేను ఒకసారి శనివారం ఉపవాసం ఉండి ఆదివారం విందుకు వెళ్లాను. వడ్డించేవాడు ఎన్నిసార్లు వచ్చినా చెయ్యి అడ్డం పెట్టలేదు! ఒకవేళ వారం బడ్జెట్ దాటినా, మరుసటి వారంలో కోత వేసి తీర్చాలని చూడకు. దాన్ని అక్కడే వదిలేసి మామూలు 1,700కి వచ్చెయ్. షుగర్‌కి ఇన్సులిన్, మాత్రలు వాడేవాళ్లు ఇలా తిండిని ఒక రోజు నుంచి ఇంకో రోజుకు మార్చే ముందు డాక్టర్‌ని అడగాలి, మీ అమ్మకు చెప్పు. లెక్క రాస్తుంటే తిండి గురించిన భయం ఇంకా పెరుగుతోందనిపిస్తే మాత్రం నువ్వు ఆ పుస్తకం మూసెయ్.

లెక్క తప్పేది ఎక్కువగా నూనె దగ్గరే. ఒక పెద్ద చెంచా నూనె 120 కేలరీలు. పోపులో వేసింది ఎవరూ రాసుకోరు. నేను సోమవారం పొద్దున్నే నా ఒక్కదాని వాటా, రోజుకు 3 చిన్న చెంచాల చొప్పున వారానికి 105 మిల్లీలీటర్లు, పాత దగ్గు మందు సీసాలో పోసి పొయ్యి పక్కన పెట్టేదాన్ని. గురువారానికే సీసా అడుగంటితే ఆ వారం ఎటు పోతోందో నాకు అర్థమైపోయేది.

ఇంకొకటి, బిర్యానీ తిన్న మర్నాడు బరువు మిషన్ ఎక్కకు. ఉప్పు, అన్నం ఒంట్లో నీటిని పట్టి ఉంచుతాయి. కిలో, కిలోన్నర పెరిగినట్టు చూపిస్తుంది. కిలో కొవ్వు చేరాలంటే అవసరానికి మించి దాదాపు 7,700 కేలరీలు తినాలి, ఒక్క పూటలో నీ వల్ల కాదు. గురువారం చూసుకో.

అక్క సీమంతానికి నేను సున్నుండలు చేసి తెస్తున్నాను. ఒక్కోటి 180 దాకా ఉంటుంది. నీకు రెండు. ఆ వారం సోమవారమే పుస్తకంలో రాసేసుకో.

మీ పెద్దమ్మ