టీవీ అడ్రస్‌ను రౌటర్‌లో ఖాయం చేయడం: కాస్టింగ్, రిమోట్ యాప్‌ల కోసం

సందేహం: మేము ఈ మధ్యనే అమెరికా వచ్చి అపార్ట్‌మెంట్‌లో దిగాము. తెలుగు కార్యక్రమాలను ఫోన్ నుంచి టీవీకి కాస్ట్ చేసుకుంటాము. ఇండియా నుంచి వచ్చిన అమ్మగారు తన ఫోన్‌లోని రిమోట్ యాప్‌తో టీవీ నడుపుతారు. నాలుగు రోజులు బాగానే ఉంటుంది, ఆ తర్వాత ఒకరోజు టీవీ దొరకడం లేదని యాప్ అంటుంది. యాప్‌లో టీవీని తీసేసి మళ్లీ జత చేస్తే పనిచేస్తుంది. రౌటర్‌లో టీవీకి శాశ్వతంగా ఒకే అడ్రస్ ఇవ్వమని తెలిసినవారు చెప్పారు. దానితో ఈ ఇబ్బంది తీరుతుందా? ఎలా చేయాలి?

సమాధానం: మీరు చెప్పిన లక్షణాలను బట్టి రిమోట్ యాప్ ఇబ్బంది చాలావరకు తీరుతుంది. కాస్టింగ్ సంగతి కొంచెం వేరు, దాని గురించి చివర్లో చెబుతాను.

ఇంట్లోని ప్రతి పరికరానికి ఐపీ అడ్రస్‌ను ఇచ్చేది రౌటర్‌లోని డీహెచ్‌సీపీ అనే ఏర్పాటు. ఆ అడ్రస్ సొంతానికి ఇచ్చినది కాదు, లీజుకు ఇచ్చినది. గడువు రౌటర్‌ను బట్టి మారుతుంది. ఒక రోజు ఇచ్చేవి ఎక్కువగా కనిపిస్తాయి, కానీ చాలా టీపీ-లింక్ రౌటర్లు కంపెనీ నుంచి వచ్చేటప్పుడు 120 నిమిషాల గడువుతో వస్తాయి. టీవీ నెట్‌వర్క్‌లో ఉన్నంతసేపు సగం గడువు కాగానే లీజును తనంతట తానే పొడిగించుకుంటుంది కాబట్టి అడ్రస్ మారదు. రాత్రి టీవీ ఆపి పడుకున్నాక, లాడ్జిలో ఖాళీ చేసిన గది మరొకరికి ఇచ్చినట్లు, గడువు తీరిన ఆ అడ్రస్‌ను రౌటర్ అప్పుడే వచ్చిన మరో ఫోన్‌కు ఇవ్వవచ్చు. ఖాళీగా ఉంటే పాత అడ్రస్‌నే తిరిగి ఇవ్వడానికి చాలా రౌటర్లు ప్రయత్నిస్తాయి, అందుకే ఈ లోపం రోజూ కనబడదు. ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడో, రౌటర్ ఆగి మళ్లీ మొదలైనప్పుడో బయటపడుతుంది. జత చేసిన రోజు అడ్రస్‌ను గుర్తుపెట్టుకున్న రిమోట్ యాప్ మాత్రం ఆ పాత అడ్రస్‌కే సందేశాలు పంపుతూ ఉంటుంది.

మీ ఇంట్లో జరుగుతున్నది ఇదేనా అన్నది ఏదీ మార్చకముందే తేల్చుకోవచ్చు. ఈసారి యాప్ మొరాయించినప్పుడు వెంటనే మళ్లీ జత చేయకుండా, ముందు టీవీ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ వివరాలు తెరిచి ఐపీ అడ్రస్ చూడండి. అది 192.168.0.107 అనుకుందాం. యాప్‌లో టీవీ వివరాల కింద అడ్రస్ కనిపించే వీలుంటే అదీ చూడండి, అక్కడ 192.168.0.103 అని ఉంటే అడ్రస్ మారిపోయిందన్నమాట. ఇక రౌటర్ పేజీలో DHCP Client List అనే పట్టికను చూస్తే 103 ఎదురుగా అమ్మగారి ఫోన్ పేరో, వారాంతంలో వచ్చిన స్నేహితుల ఫోన్ పేరో కనబడవచ్చు. అలా కనబడితే రోగం ఏమిటో తెలిసినట్లే. యాప్‌లోనూ టీవీలోనూ ఒకే అంకె ఉండి కూడా పనిచేయకపోతే మాత్రం అడ్రస్ ఖాయం చేసినా ప్రయోజనం ఉండదు. కారణం మరెక్కడో ఉంది.

అసలు పనికి ముందు, మీ ఇంట్లో అడ్రస్‌లు ఇస్తున్న పెట్టె ఏదో తెలుసుకోవాలి. కొత్తగా వచ్చినవారి ఇళ్లలో తరచుగా జరిగేదేమిటంటే, ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన పెట్టె వైఫైని అలాగే ఉంచి, సిగ్నల్ సరిపోవడం లేదని దుకాణంలో కొన్న మరో రౌటర్‌ను దాని వెనుక తగిలిస్తారు. అప్పుడు ఇంట్లో రెండు వేర్వేరు నెట్‌వర్క్‌లు ఏర్పడతాయి. టీవీ అడ్రస్ 10.0.0 తోనూ, ఫోన్ అడ్రస్ 192.168.0 తోనూ మొదలవుతుంటే టీవీ కంపెనీ పెట్టె కిందా, ఫోన్ మీ రౌటర్ కిందా ఉన్నాయని అర్థం. ఈ స్థితిలో కాస్టింగ్ పనిచేయదు, ఎన్ని అడ్రస్‌లు ఖాయం చేసినా పనిచేయదు. రెండింటినీ ఒకే వైఫైకి మార్చి, రెండో వైఫైని ఆపేయడం మేలు. ఫోన్‌లో వైఫై పేరు మీద నొక్కితే గేట్‌వే లేదా రౌటర్ అని ఒక అడ్రస్ కనబడుతుంది. సాధారణంగా ఇళ్లలో అడ్రస్‌లు పంచే పెట్టె అదే, ఖాయం చేసే పని కూడా అందులోనే చేయాలి. మీరు కొన్న రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ పద్ధతిలో, అంటే వైఫై సిగ్నల్ అందించడానికి మాత్రమే, పెట్టుకుంటే అడ్రస్‌లు ఇచ్చేది కంపెనీ పెట్టే కాబట్టి, కొన్న రౌటర్‌లో రిజర్వేషన్ అనే అడ్రస్ ఖాయం చేసే ఏర్పాటు కోసం వెతకడం వృథా శ్రమ.

తర్వాత టీవీ మ్యాక్ అడ్రస్ కావాలి. ఇది పరికరానికి తయారీలోనే వచ్చే గుర్తింపు, రెండేసి అక్షరాల చొప్పున ఆరు జతలుగా ఉంటుంది. టీవీలో నెట్‌వర్క్ వివరాల పేజీలోనో, టీవీ గురించి తెలిపే పేజీలోనో దొరుకుతుంది. ఇక్కడ జాగ్రత్త అవసరం: టీవీకి కేబుల్‌కు ఒక మ్యాక్ అడ్రస్, వైఫైకి మరొకటి ఉంటాయి. మీరు వైఫై వాడుతూ కేబుల్ తాలూకు అడ్రస్‌ను నమోదు చేస్తే రౌటర్ దాన్ని అభ్యంతరం లేకుండా తీసుకుంటుంది, కానీ టీవీకి మాత్రం ఆ రిజర్వేషన్ ఎప్పటికీ వర్తించదు. కొన్ని పరికరాలు అసలు మ్యాక్ అడ్రస్‌ను దాచి కల్పిత అడ్రస్‌ను వాడతాయి. మొదటి జతలోని రెండో అక్షరం 2, 6, A, E లలో ఒకటైతే అది కల్పితమై ఉండే అవకాశం ఎక్కువ. అలాంటప్పుడు టీవీ వైఫై సెట్టింగ్స్‌లో పరికరం సొంత మ్యాక్ వాడమనే ఎంపిక ఉందేమో చూసి, దాన్ని ఎంచుకున్నాకే ముందుకు వెళ్లండి.

టీపీ-లింక్ ఆర్చర్ తరహా రౌటర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. ఆ వైఫైకి కలిపిన కంప్యూటర్ బ్రౌజర్‌లో 192.168.0.1 అని టైప్ చేస్తే లాగిన్ పేజీ వస్తుంది. అక్కడ అడిగేది వైఫై పాస్‌వర్డ్ కాదు, రౌటర్ పెట్టిన రోజు నిర్వహణ కోసం పెట్టుకున్న పాస్‌వర్డ్. లోపల Advanced, దానిలో Network, దానిలో DHCP Server తెరిస్తే కింది భాగంలో Address Reservation కనబడుతుంది. Add నొక్కి మ్యాక్ అడ్రస్, ఐపీ అడ్రస్, గుర్తు కోసం ఒక పేరు ఇచ్చి భద్రపరచాలి. మన ఉదాహరణలో ఇచ్చే వివరాలు ఇలా ఉంటాయి:

```
MAC Address:  00-00-5E-00-53-1A
IP Address:   192.168.0.107
Description:  Hall TV
```

ఇక్కడ 107 నే ఎంచుకోవడానికి కారణం ఉంది. టీవీ చేతిలో ఇప్పుడున్న అంకె అదే కాబట్టి మరో పరికరంతో తగాదా రాదు. గుర్తుండే అంకె కావాలని ముచ్చటపడి 103 ఇస్తే, అది ఇప్పటికే ఒక ఫోన్ దగ్గర ఉంది కనుక ఆ ఫోన్ వదిలేదాకా గందరగోళం తప్పదు. గూగుల్, ఈరో వంటి మెష్ వైఫైలలో ఈ పనిని బ్రౌజర్‌లో కాకుండా వాటి ఫోన్ యాప్‌లోనే చేస్తారు. పరికరాల జాబితా నుంచి టీవీని ఎంచుకుంటే మ్యాక్ అడ్రస్ దానంతటదే వస్తుంది కాబట్టి టైప్ చేయడంలో తప్పులు జరగవు.

రిజర్వేషన్ చేసి రిమోట్‌తో టీవీ ఆపి వేస్తే చాలదు, ఎందుకంటే రిమోట్‌తో ఆపిన టీవీ నిజానికి నిద్రావస్థలో ఉండి పాత లీజునే పట్టుకుని ఉండవచ్చు. ప్లగ్ తీసి ఒక నిమిషం ఆగి మళ్లీ పెట్టండి. టీవీ తెరిచాక, అది నెట్‌వర్క్‌లోకి వచ్చాక, కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా చూడవచ్చు:

```
ping 192.168.0.107
arp -a
```

రెండో కమాండ్ చూపే జాబితాలో 192.168.0.107 ఎదురుగా మీరు నమోదు చేసిన మ్యాక్ అడ్రస్సే కనబడితే పని సరిగ్గా జరిగినట్లు. మొదటి కమాండ్‌కు జవాబు రాకపోయినా కంగారు పడనక్కరలేదు, ఆ పలకరింపుకు స్పందించని టీవీలూ ఉన్నాయి. ఇప్పుడు అమ్మగారి యాప్‌లో పాత టీవీని తొలగించి చివరిసారిగా ఒకసారి జత చేయండి. యాప్‌తో టీవీ ఆన్ చేయడం కుదరకపోతే అది అడ్రస్ సమస్య కాదు. ఫోన్‌తో ఆన్ చేసుకునే వీలు కల్పించే సెట్టింగ్ టీవీలోనే వేరుగా ఉంటుంది, సామ్‌సంగ్‌లో దాన్ని Power On with Mobile అంటారు.

ఇక కాస్టింగ్ సంగతి. కాస్ట్ గుర్తు నొక్కినప్పుడు ఫోన్ సాధారణంగా టీవీ అడ్రస్‌ను గుర్తుపెట్టుకుని వెతకదు. నెట్‌వర్క్‌లో అందరికీ వినబడేలా ఎవరెవరున్నారని అడుగుతుంది, టీవీ పలుకుతుంది. ఆ పిలుపు టీవీదాకా చేరకపోతే స్థిరమైన అడ్రస్ చేయగలిగింది ఏమీ లేదు. మనవారి ఇళ్లలో దీనికి మొదటి కారణం వీపీఎన్ అని నా అంచనా. ఇండియాలో మాత్రమే వచ్చే కార్యక్రమాల కోసం ఫోన్‌లో వీపీఎన్ పెట్టుకుని, దాన్ని ఆపకుండానే కాస్ట్ నొక్కుతారు. ఫోన్ మాటలన్నీ సొరంగం గుండా బయటికి పోతుంటే పక్కగదిలోని టీవీకి వినబడే అవకాశం తక్కువ. కొన్ని వీపీఎన్ యాప్‌లలో స్థానిక నెట్‌వర్క్‌ను అనుమతించే ఎంపిక ఉంటుంది, లేకపోతే కాస్ట్ చేసేటప్పుడు ఆపడమే దారి. రెండో కారణం, వచ్చినవారికి గెస్ట్ వైఫై పాస్‌వర్డ్ ఇవ్వడం. గెస్ట్ వైఫైలోని ఫోన్లకు ఇంటి పరికరాలు కనబడకుండా ఉంచడమే దాని ఉద్దేశం కాబట్టి నెలల తరబడి ఉండే అమ్మానాన్నలకు అసలు వైఫై ఇవ్వండి. ఐఫోన్ అయితే, ఆ యాప్‌కు Local Network అనుమతి ఉందో లేదో కూడా సెట్టింగ్స్‌లో చూడండి. మొదటిసారి అడిగినప్పుడు పెద్దవాళ్లు భయపడి వద్దని నొక్కేస్తారు, అది అలాగే ఉండిపోతుంది.

రౌటర్ జోలికి ఎందుకు, అడ్రస్‌ను టీవీలోనే చేత్తో టైప్ చేస్తే సరిపోతుంది కదా అని కొందరు సలహా ఇస్తారు. నేను దాన్ని సిఫారసు చేయను. టీవీ తనంతట తాను 107 పట్టుకున్న సంగతి రౌటర్‌కు తెలియదు కనుక, అదే అంకెను మరొకరికి ఇచ్చి రెండింటినీ ఇబ్బంది పెట్టవచ్చు. అంతకన్నా పెద్ద చిక్కు ఇల్లు మారినప్పుడు వస్తుంది, కొత్తగా వచ్చినవారు ఇంటి లీజు అయిపోగానే ఇల్లు మారడం మామూలే. కొత్త ఇంట్లో కంపెనీ పెట్టె 10.0.0 అడ్రస్‌లు ఇస్తుంటే, 192.168.0.107 అని పట్టుకు కూర్చున్న టీవీ వైఫైకి కలిసినట్లు చూపిస్తూనే ఇంటర్నెట్ లేదంటుంది, ఏడాది కిందట చేసిన మార్పు అప్పటికి ఎవరికీ జ్ఞాపకం ఉండదు. రౌటర్‌లో చేసిన రిజర్వేషన్ అయితే ఆ రౌటర్‌తోనే ఉండిపోతుంది. టీవీలో అడ్రస్ ఆటోమేటిక్‌గానే ఉంటుంది కాబట్టి కొత్త ఇంట్లో అది మామూలుగానే కలుస్తుంది, మీరు కొత్త రౌటర్‌లో అదే మ్యాక్ అడ్రస్‌తో ఒక్క వరుస మళ్లీ నమోదు చేసి యాప్‌ను జత చేసుకుంటే చాలు.